నిప్పుల్లో రాలిన కొవ్వు ఎవరి లెక్క?

తోలుతో ఉన్న కోడి తొడ ముక్కను బొగ్గుల మీద పెట్టిన కొద్ది నిమిషాలకే తొలి చుక్క రాలుతుంది. చుయ్యిమని చప్పుడు, వెంటనే ఒక చిన్న మంట. అది తోలు అంచును తాకి ఆరిపోయేలోగా రెండో చుక్క పడుతుంది. ఆ తర్వాత ఇక ఆగదు. ముక్క కాలేంతసేపూ ఏదో ఒకటి కారుతూనే ఉంటుంది. పక్కన నిలబడి చూసేవాళ్ళకు అది పొగ, ఘుమఘుమ. తిన్న ప్రతి ముద్దనూ ఫోన్‌లో రాసుకునేవాళ్ళకు మాత్రం అదొక ప్రశ్న. కారిపోయిన కొవ్వు తిన్నట్టా, తిననట్టా? తిననట్టయితే ఎంత తీసెయ్యాలి?

వ్యాయామం కోసమో బరువు తగ్గడం కోసమో రోజూ తిండి లెక్క రాసుకునేవాళ్ళు ఇప్పుడు తెలుగు ఇళ్ళల్లోనూ తక్కువేం కాదు. వాళ్ళు మ్యాక్రోలు అనేవి మూడు: ప్రోటీన్, కొవ్వు, పిండిపదార్థం. కోడిమాంసంలో పిండిపదార్థం దాదాపు సున్నా. కాబట్టి చికెన్ విషయంలో చూసుకోవలసినవి రెండే అంకెలు. తోలు తీసిన రొమ్ము ముక్కతో పెద్ద చిక్కు ఉండదు. అందులో కొవ్వే తక్కువ కనుక కాల్చినప్పుడు పోయేదంతా ఇంచుమించు నీరే. తోలుతో ఉన్న తొడ దగ్గరే లెక్క తప్పుతుంది. అక్కడ నీరూ పోతుంది, కొవ్వూ పోతుంది. పైగా రెండూ ఒకే పాళ్ళలో పోవు.

అమెరికా వ్యవసాయ శాఖ పోషకాల పట్టికను తెరిచి చూస్తే ఈ చిక్కు ఎక్కడుందో కనబడుతుంది. ప్రపంచంలో చాలా ఫోన్ యాప్‌లు అంకెలు తెచ్చుకునేది ఈ పట్టిక నుంచే. అందులో తోలుతో ఉన్న పచ్చి తొడ మాంసం 100 గ్రాములకు ప్రోటీన్ 16.5 గ్రాములు, కొవ్వు 16.6 గ్రాములు, 221 క్యాలరీలు. అదే తొడను రోస్ట్ చేశాక 100 గ్రాములకు ప్రోటీన్ 23.3, కొవ్వు 14.7, క్యాలరీలు 232. ఈ రెండు వరసలూ పక్కపక్కన పెట్టుకున్నవాళ్ళు తెల్లబోతారు. అంత కొవ్వు కళ్ళముందే కారి మంటలు లేచాయి కదా, పట్టికలో తగ్గింది రెండు గ్రాములేనా? పైగా క్యాలరీలు పెరిగాయేమిటి?

పెరగలేదు. మారింది 100 గ్రాములన్న మాటకున్న అర్థం. కాల్చిన 100 గ్రాములు తయారవ్వాలంటే పచ్చిది 100 గ్రాములు చాలదు, 140 గ్రాములు కావాలి. పాలు మరిగించి కోవా చేస్తే చెంచా కోవాలో చెంచా పాలకన్నా అన్నీ ఎక్కువే ఉంటాయి. అంతమాత్రాన పొయ్యి మీద పాలలోకి కొత్తగా ఏమీ వచ్చి చేరలేదు. తొడ ముక్కదీ అదే కథ, ఒక్క తేడాతో. కోవాలో నీరొక్కటే పోతుంది. ఇక్కడ నీటితోపాటు కొవ్వు కూడా దారి పట్టింది. నీరు పోవడం వల్ల మిగిలిన కొవ్వు చిక్కబడింది. ఆ చిక్కదనం కారిపోయిన కొవ్వును కప్పిపుచ్చింది.

మరి అసలు పోయింది ఎంతో తేలేదెలా? ఇక్కడ ప్రోటీన్ సాక్షిగా నిలబడుతుంది. వేడికి ప్రోటీన్ ఆవిరైపోదు, కరిగి కారిపోదు. కారే రసంతో కొంచెం వెళ్తుంది గానీ అది లెక్కలోకి తీసుకోవలసినంత కాదు. పచ్చి 100 గ్రాముల్లో ఉన్న 16.5 గ్రాముల ప్రోటీన్ కాల్చాక కూడా ఆ ముక్కలోనే ఉందనుకుంటే, 16.5ని కాల్చినదాని 23.3తో భాగించాలి. 0.71 వస్తుంది. అంటే పచ్చి 100 గ్రాములు కాలాక 71 గ్రాములైంది. ఆ 71 గ్రాముల్లో కొవ్వు ఎంత? 100 గ్రాములకు 14.7 చొప్పున 10.4 గ్రాములు. మొదట ఉన్నది 16.6. పోయింది 6 గ్రాములకు పైనే, అంటే మూడో వంతుకన్నా కాస్త ఎక్కువ. పట్టికలో రెండు గ్రాముల తేడాగా కనిపించినది నిజానికి ఆరు గ్రాములు. క్యాలరీల్లో చెప్పాలంటే 221 కాస్తా 165 అయింది.

ఈ లెక్కలో ఒక బలహీనత ఉంది. పట్టికలోని పచ్చి కోడీ కాల్చిన కోడీ ఒకే పక్షి కావు. వేర్వేరు నమూనాలు కొలిచి రాసిన అంకెలవి. పైగా అది ఓవెన్‌లో రోస్ట్ చేసిన తొడ, బొగ్గుల మీదది కాదు. అయినా ఈ లెక్కను నమ్మడానికి ఒక మంచి కారణం కనబడుతుంది. ఇదే పట్టిక పాత విడుదలల్లో అంకెలు వేరుగా ఉండేవి: పచ్చిదానికి ప్రోటీన్ 17.3, కొవ్వు 15.3, కాల్చినదానికి ప్రోటీన్ 25.1, కొవ్వు 15.5. ఆ పట్టిక ప్రకారం కాల్చాక కొవ్వు తగ్గకపోగా కొంచెం పెరిగినట్టే ఉంటుంది. కానీ ప్రోటీన్‌ను సాక్షిగా పెట్టి అదే భాగాహారం చేస్తే పచ్చి 100 గ్రాముల నుంచి చివరికి ముక్కలో మిగిలే కొవ్వు 10.7 గ్రాములని తేలుతుంది. కొత్త అంకెలతో 10.4, పాత అంకెలతో 10.7. పైకి పొంతన లేని రెండు పట్టికలూ అసలు సంగతి దగ్గర ఒకే మాట చెబుతున్నాయి: పచ్చి తూకం ప్రతి 100 గ్రాములకూ కంచంలోకి వచ్చే కొవ్వు పదిన్నర గ్రాములు.

ఆ కొవ్వు బయటికి ఎలా వస్తుందో తెలిస్తే ఎప్పుడు ఎక్కువ పోతుందో, ఎప్పుడు పోదో కూడా అర్థమవుతుంది. కోడి కొవ్వు మెత్తనిది. మన ఒంటి వేడికి అటూ ఇటూగా, 40 డిగ్రీల లోపే, కరిగి నూనెలా అవుతుంది. అయితే కరిగినంత మాత్రాన కారదు. తోలు కింద అది చిన్నచిన్న కణాల్లో దాగి ఉంటుంది. ఆ కణాల చుట్టూ కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు వలలా అల్లుకుని ఉంటాయి. 60 డిగ్రీలు దాటాక ఆ పోగులు ముడుచుకుపోయి లోపలి కొవ్వును పిండుతాయి. ఇంకా వేడి తగులుతూ సమయం గడిస్తే పోగులే మెత్తబడి జిగురుగా మారతాయి, వల తెగి కొవ్వు బయటపడుతుంది. కాబట్టి కొవ్వు దిగడానికి వేడి ఒక్కటే చాలదు, తీరిక కూడా కావాలి. పెద్ద మంట మీద గబగబా కాల్చిన ముక్క పైన మాడుతుంది, తోలు కింద కొవ్వు మాత్రం అలాగే ఉండిపోతుంది. మంట పక్కగా, మూత పెట్టి, నలభై నిమిషాలు నిదానంగా కాల్చిన ముక్కలో చాలా భాగం దిగిపోతుంది.

దిగిందా లేదా అన్నది తోలే చెప్పేస్తుంది. కొవ్వు బాగా దిగిన తోలు కాగితమంత పలచబడి మాంసానికి అంటుకుపోయి, గోటితో తడితే టకటకమంటుంది. దిగనిది ఉబ్బి, రబ్బరులా సాగుతుంది. తోలును కొంచెం ఎత్తి చూస్తే కింద తెల్లగా, వణికే పొర కనిపిస్తుంది. ఆ పొర కనబడితే మూడో వంతు పోయిందని రాసుకోవడానికి వీల్లేదు. పోలేదు, అది కళ్ళముందే ఉంది.

ఇప్పుడు ఒక పూట వంటను మొదటి నుంచి చివరిదాకా లెక్క కట్టి చూద్దాం. డాలస్ శివారులో ఒక తెలుగు కుటుంబం శనివారం సాయంత్రం పెరట్లో గ్రిల్ వెలిగించిందనుకుందాం. దుకాణంలో కొన్న నాలుగు తొడ ముక్కలు, ఎముకతో, తోలుతో. ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించకముందే తూచారు: 720 గ్రాములు. అంచుల్లో వేలాడే కొవ్వు తునకలను కత్తిరించేవాళ్ళయితే కత్తిరించాకే తూచాలి. చెత్తబుట్టలోకి పోయేదానికి లెక్క ఎందుకు? గుండ్రటి గ్రిల్‌లో బొగ్గులను రెండు పక్కలకూ నెట్టి, మధ్యలో రేకు పళ్ళెం పెట్టి, దాని మీదుగా వచ్చేలా ముక్కలు పరిచారు. లోపలి వేడి ఎముక పక్కన 80 డిగ్రీలు దాటేదాకా ఉంచారు. కోడిమాంసం తినడానికి 74 డిగ్రీలు చాలని అమెరికా ఆహార భద్రతా నియమం. తొడకు మాత్రం ఇంకొంచెం వేడి పడితేనే మెత్తదనం వస్తుంది.

దింపి పది నిమిషాలు ఆరనిచ్చి తూస్తే 550 గ్రాములు వచ్చింది. అందరూ తిన్నాక ఎముకలను శుభ్రంగా ఏరి తూచారు: 120 గ్రాములు. ఈ చివరి తూకాన్ని చాలామంది వదిలేస్తారు. నిజానికి ఇది చాలా అవసరం, ఎందుకంటే పట్టికలోని అంకెలన్నీ తినే భాగానివే, ఎముక వాటిలో లేదు. ఎముక తీసేస్తే పచ్చి మాంసం 600 గ్రాములు, కాల్చిన మాంసం 430 గ్రాములు. తరుగు 170 గ్రాములు.

పచ్చి 600 గ్రాముల్లో పట్టిక ప్రకారం ప్రోటీన్ 99 గ్రాములు, కొవ్వు 100 గ్రాములు, క్యాలరీలు 1326. కాల్చిన 430 గ్రాములను కాల్చిన వరసతో గుణిస్తే ప్రోటీన్ 100 గ్రాములు, కొవ్వు 63 గ్రాములు, క్యాలరీలు 998. రెండు వైపుల నుంచీ ప్రోటీన్ 99, 100 అని దాదాపు ఒకేలా వచ్చిందంటే తూకాల్లో తప్పు లేదు, ముక్కలు కాలిన తీరు కూడా పట్టికలోని కోడికి దగ్గరగానే ఉంది. అప్పుడు కొవ్వు అంకెను కూడా నమ్మవచ్చు. తరిగిన 170 గ్రాముల్లో కొవ్వు 37 గ్రాములు. మిగతా 133 గ్రాములూ నీరే. తరుగంతా కొవ్వేనని, బోలెడు క్యాలరీలు మిగిలాయని సంబరపడేవాళ్ళు ఈ అంకెను ఒకసారి చూసుకోవాలి. కారినదాంట్లో నాలుగింట మూడొంతులకు పైగా వట్టి నీరు.

ఒక్కో ముక్కకు పంచితే తినే భాగం 107 గ్రాములు, ప్రోటీన్ 25, కొవ్వు 16, క్యాలరీలు 249. రాసుకోవలసింది ఇదే.

ఇదే ముక్కను తప్పుగా రాసుకునే దారులు మాత్రం చాలానే ఉన్నాయి. కొందరు పొద్దున పచ్చిగా తూచిన 150 గ్రాములను పచ్చి వరసతోనే రాసేసి ఊరుకుంటారు. అప్పుడు 331 క్యాలరీలు పడతాయి. ప్రోటీన్ సరిగ్గానే వస్తుంది గానీ నిప్పుల్లో పడ్డ తొమ్మిది గ్రాముల కొవ్వు కూడా తిన్నట్టే అవుతుంది. ఇంకొందరు పచ్చిగా తూచి, యాప్‌లో మాత్రం కాల్చిన చికెన్ వరసను ఎంచుకుంటారు. దానికి 348 క్యాలరీలు, ప్రోటీన్ 35 గ్రాములు. తినని పది గ్రాముల ప్రోటీన్ తిన్నామన్న భ్రమ కలిగించేది ఈ తప్పే. కండ పెంచుకోవాలని చూసేవాళ్ళకు ఇది పెద్ద దెబ్బ. రోజు మొత్తానికి కావలసింది అందిందనుకుంటారు, అందదు.

మూడో తప్పును పట్టుకోవడం కష్టం. కాల్చాక 107 గ్రాములు తూచి, పచ్చి వరసతో రాస్తే 237 క్యాలరీలు వస్తాయి. అసలైన 249కి ఇది చాలా దగ్గర. క్యాలరీలు ఒక్కటే చూసుకునేవాళ్ళు అంతా సరిగానే ఉందనుకుంటారు. కానీ ప్రోటీన్ 25 ఉండాల్సిన చోట 18 పడుతుంది, కొవ్వు 16 బదులు 18 పడుతుంది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకుని మొత్తాన్ని సరిచేసినట్టు కనబడతాయి. వారం తర్వాత ప్రోటీన్ ఎందుకు తక్కువ చూపిస్తోందో తెలియక తల పట్టుకోవడానికి ఇలాంటి వరసే కారణం.

అందుకే యాప్‌లో పేరును చివరి మాట దాకా చదవాలి. అమెరికా పట్టికలో ఈ ముక్క పేరు `Chicken, broilers or fryers, thigh, meat and skin, cooked, roasted` అని ఉంటుంది. తోలు ఉందని చెప్పే మాట మధ్యలో, కాల్చినదని చెప్పే మాట చివర్లో. చివరి మాట `raw` అయితే అది పచ్చిది, `meat only` అని ఉంటే తోలు తీసేసినది. వాడుకరులు ఎవరికి వారు చేర్చిన గ్రిల్డ్ చికెన్ వరసలను పరీక్షించడానికి ఒక మార్గం ఉంది. 100 గ్రాములకు ప్రోటీన్ 23 నుంచి 26 మధ్య ఉంటే అది కాల్చిన తొడ. 16, 17 ఉంటే పేరేదైనా అది పచ్చిదే.

రేకు పళ్ళెం సంగతి మిగిలిపోయింది. బొగ్గులను పక్కలకు నెట్టి మధ్యలో పళ్ళెం పెట్టడంలో వంటకు పనికొచ్చే లాభం ఒకటుంది: కొవ్వు నిప్పుల్లో పడదు, మంటలు లేచి తోలును మాడ్చవు. లెక్కకు పనికొచ్చే లాభం ఇంకొకటి. కారినది కారినట్టు పళ్ళెంలో ఉంటుంది. పళ్ళెంలో మొదట కొంచెం నీళ్ళు పోసి ఉంచితే అడుగున మాడకుండా ఉంటుంది. వంటయ్యాక దాన్ని గాజు గ్లాసులోకి వంపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. తెల్లారేసరికి గ్లాసులో రెండు పొరలు తేరి ఉంటాయి. పైన లేత పసుపు రంగులో, చలికాలపు నెయ్యిలా గడ్డకట్టిన కొవ్వు. కింద గోధుమరంగులో వణికే జెల్లీ. ఆ జెల్లీ తోలులోని కొల్లాజెన్ కరిగి నీళ్ళలో కలిసినది. పై పొరను చెంచాతో ఎత్తి, తడిని ఒత్తి తుడిచి, తూస్తే తేలేది ఆ పూట కోల్పోయిన కొవ్వు.

మన డాలస్ ఇంట్లో అది 33 గ్రాములు తూగిందనుకుంటే, పచ్చి మాంసంలోని 100 గ్రాముల నుంచి తీసేస్తే 67 మిగులుతుంది. పట్టిక దారిన వచ్చింది 63. నాలుగు గ్రాముల తేడా గ్రిల్ ఊచలకు అంటుకున్నదీ, పళ్ళెం అంచు దాటి పడ్డదీ అయి ఉండవచ్చు. నలుగురికి పంచితే ఒక్కొక్కరికి ఒక్క గ్రాము. దీనికన్నా సూక్ష్మంగా వెళ్ళడంలో అర్థం లేదు, ఎందుకంటే మొదటి అంకే అంత గట్టిది కాదు. పచ్చి తొడలో కొవ్వు 16.6 గ్రాములన్నది సగటు మాత్రమే. ఒక దుకాణంలో తోలు అంచుల దాకా వదిలేస్తారు, ఇంకో దుకాణంలో చక్కగా కత్తిరించి ఇస్తారు. ఆ తేడాయే ముక్కకు రెండు మూడు గ్రాముల కొవ్వును అటూ ఇటూ చేయగలదు.

పళ్ళెం లేకుండా నేరుగా బొగ్గుల మీద కాల్చినప్పుడు, పైగా ముక్కలు ఎక్కువ ఎండిపోయినప్పుడు ఏం చెయ్యాలి? అదే 600 గ్రాముల మాంసం కాలాక 430 కాకుండా 380 గ్రాములే తూగిందనుకుందాం. కాల్చిన వరసతో గుణిస్తే ప్రోటీన్ 88 గ్రాములు వస్తుంది. పచ్చి తూకం చెప్పేది 99. పదకొండు గ్రాముల ప్రోటీన్ ఎక్కడికీ పోలేదు. ముక్క పట్టికలోని కోడికన్నా ఎక్కువ ఎండింది, అంతే. ఇలా సాక్షి మాట కలవనప్పుడు కాల్చిన తూకాన్ని పక్కన పెట్టి పచ్చి తూకాన్నే పట్టుకోవాలి. పచ్చి మాంసం ప్రతి 100 గ్రాములకు ప్రోటీన్ 16.5, కొవ్వు 10.5, క్యాలరీలు 165 అని రాసుకుంటే సరిపోతుంది. మూడో వంతు కొవ్వు పోయిన సంగతి ఆ 10.5లోనే కలిసి ఉంది. ఎముకలు తిన్నాకే తూచగలం కనుక ఈ లెక్క రాత్రి పడుకునే ముందు తేలుతుంది.

ఇంతా చేసి, నిప్పుల్లో పడ్డ కొవ్వుకన్నా కంచం అంచున వదిలేసిన తోలు లెక్కను ఎక్కువ మార్చగలదు. అదే పట్టికలో తోలు తీసిన కాల్చిన తొడ మాంసానికి 100 గ్రాములకు కొవ్వు 8.2 గ్రాములు. కాల్చిన తోలుకు మాత్రం 40.7 గ్రాములు! అంత కొవ్వు కారిపోయాక కూడా తోలులో ఐదింట రెండొంతులు కొవ్వే. ఈ అంకెలను తోలుతో ఉన్న తొడ అంకెతో సరిచూస్తే కాల్చిన ముక్క తూకంలో తోలు ఐదో వంతు ఉంటుందని తేలుతుంది. అంటే మన 107 గ్రాముల ముక్కలో తోలు 21 గ్రాములు. ఆ 21 గ్రాముల్లో కొవ్వు ఎనిమిదిన్నర గ్రాములు, మిగతా 86 గ్రాముల మాంసంలో ఏడు. ముక్కలోని కొవ్వులో సగానికి పైన వేలెడంత తోలులోనే ఉంది. తోలుతో కాల్చి, మాంసం మాత్రం తిని, తోలును పిల్లలకో పక్కవాళ్ళకో ఇచ్చేవాళ్ళు తోలు లేని కాల్చిన వరసతోనే రాసుకోవాలి. తూకం కూడా తోలు తీశాకే వెయ్యాలి.

తెలుగునేల మీద ఈ లెక్క వేరే మలుపు తిరుగుతుంది. చికెన్ కొట్టులో అడిగే మొదటి మాట స్కిన్‌తోనా, స్కిన్‌లెస్సా అని. రెండిటికీ ధర వేరు. ఇంటికి తెచ్చుకునేది ఎక్కువగా స్కిన్‌లెస్సే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పోషకాల పట్టికలో కూడా కోడి తొడ, రొమ్ము, రెక్క అన్నీ తోలు తీసినవే, అవీ పచ్చివే. కాబట్టి సాయంత్రం పూట వీధి మొదట్లో అద్దాల పెట్టెలో గిరగిరా తిరిగే గ్రిల్ చికెన్‌ను తెచ్చుకుని ఆ పట్టికలో వెతికితే దొరకదు. ఆ కోడి తోలుతోనే ఉంటుంది. పై ఊచ మీది కోడి కొవ్వు కింది ఊచ మీది కోడి మీద కారి, అక్కడినుంచి ట్రేలోకి దిగుతుంది. దానికి అమెరికా పట్టికలోని కాల్చిన, తోలుతో ఉన్న వరసే దగ్గరి చుట్టం. పక్కన ఇచ్చే మయోనీజ్‌ను విడిగా రాసుకోవాలి. ఒక్కోసారి అందులో ఉండే నూనె ముందు కోడి కొవ్వు తక్కువే అవుతుంది.

కూర సంగతికొస్తే పైన చెప్పినదంతా తలకిందులవుతుంది. తోలుతో ఉన్న ముక్కలను గిన్నెలో వేసి మూతపెట్టి ఉడికిస్తే కొవ్వు అంతే కరుగుతుంది, అంతే బయటికి వస్తుంది. కానీ పోవడానికి దానికి దారి లేదు. కూర దగ్గరపడ్డాక పైన తేలే ఎర్రటి నూనెలో మనం పోసినదానితోపాటు కోడి విడిచినదీ ఉంటుంది. ఆ పులుసు అన్నంలో కలుపుకున్నప్పుడు అదంతా కంచంలోకే చేరుతుంది. అందుకని తోలుతో వండిన కూరకు పచ్చి తూకం, పచ్చి వరసే సరైనవి. గిన్నె మొత్తానికి లెక్క కట్టి, తిన్న వంతుతో భాగించాలి. నాటుకోడిని తోలుతోనే మంట మీద కాల్చి, పసుపు పట్టించి పులుసు పెట్టే ఇళ్ళల్లో ఈ అంకెలు మళ్ళీ పనికిరావు. ఊరంతా తిరిగి మేసే కోడికి బ్రాయిలర్ అంత కొవ్వు పట్టదు.

గ్రిల్ దగ్గర కూడా పోయిన కొవ్వు తిరిగి వచ్చే సందర్భాలున్నాయి. పళ్ళెంలో కారినదాన్ని చెంచాతో తీసి ముక్కల మీద మళ్ళీ పోసేవాళ్ళున్నారు. పళ్ళెంలోనే ఉల్లిపాయలు, బంగాళాదుంపలు పరిచి ఆ కొవ్వులో మగ్గనిచ్చేవాళ్ళున్నారు. మ్యారినేషన్‌లో రెండు పెద్ద చెంచాల నూనె పోస్తే అది 27 గ్రాములు. అందులో కొంత గిన్నెకే అంటుకుంటుంది, కొంత నిప్పుల్లో పడుతుంది. ముక్కలు తీశాక గిన్నెను తూచి, మొదట్లో ఖాళీగా తూచిన బరువును తీసేస్తే ఎంత మిగిలిపోయిందో తెలుస్తుంది. మిగతాది తిన్నట్టే రాసుకోవడం మేలు. తేనె, బెల్లం కలిపిన సాస్ చివర్లో పూస్తే అందులోని చక్కెర కారకుండా ముక్కకే అతుక్కుంటుంది. సున్నా అనుకున్న పిండిపదార్థం గడిలో అంకె పడేది అప్పుడే.

ఇక ఫ్రిజ్‌లోని గ్లాసు. అందులోని 33 గ్రాములను పారబోయడానికి చాలామందికి చేతులు రావు. రావలసిన అవసరమూ లేదు, అది మంచి వంట కొవ్వు. ఆదివారం పొద్దున దాంట్లోంచి ఒక పెద్ద చెంచాడు బాణలిలో వేసి దుంపలు వేయిస్తే ఆ చెంచా తూకం 13 గ్రాములు, క్యాలరీలు 115. శనివారం రాత్రి కొట్టేసిన అంకెలో మూడో వంతుకు పైన ఆదివారం లెక్కలో, వేయించిన దుంపల పేరు పక్కన, మళ్ళీ ఎక్కించాలి.